చప్పట్లు పడిన చోటే తాళం తప్పింది

ప్రశ్న: నేను చెన్నైలో డిగ్రీ చదువుతున్నాను. 11 ఏళ్ళుగా కూచిపూడి నేర్చుకుంటున్నాను. పోయిన నెల మైలాపూర్‌లో ఒక చిన్న హాల్లో మొదటిసారి ఒక్కదాన్నే 45 నిమిషాలు ప్రదర్శన ఇచ్చాను. ఇత్తడి పళ్ళెం ఎక్కి ఆడే తరంగంలో, పాదాలతో చేసే జతి ముగియగానే చప్పట్లు మోగిపోయాయి. చుట్టాలంతా మెచ్చుకున్నారు. మా టీచర్ మాత్రం “బాగా చేశావు, ముందు వెళ్ళి భోజనం చెయ్యి” అని ఊరుకున్నారు. మూడు వారాలుగా ఆ మాటకు అర్థం వెతుక్కుంటున్నాను. నిజంగా నేను ఎలా చేశాను? ఆమెను అడగవచ్చా? నాకు నేనుగా తెలుసుకునే దారి ఏమైనా ఉందా? పేరు వేయకండి.
– ఒక విద్యార్థిని, చెన్నై

సమాధానం:

అమ్మాయీ,

పేరు వేయను. కానీ ఆ రోజు వేదిక పక్కన కూర్చుని నట్టువాంగం చేసింది, అంటే జతులు నోటితో చెబుతూ తాళం వేసింది నేనే కదా! ఈ శీర్షికకు జవాబులు రాసేది ఎవరో నీకు తెలియదంటే నమ్మను. ఎదురుగా అడగడానికి నోరు రాక పోస్టులో అడిగావు. సరే, నేనూ పోస్టులోనే చెబుతాను. ఇలాగే మధనపడే పిల్లలు ఇంకా ఉంటారు, వాళ్ళూ చదువుకుంటారు.

ముందు ఆ భోజనం సంగతి. గజ్జెలు విప్పకముందు తప్పు చెప్పకూడదని నాకొక నియమం ఉంది. నా మొదటి ప్రదర్శన అయిన వెంటనే మా గురువుగారు మేకప్ గదిలోకే వచ్చి, పదిమంది ముందు “రెండో చరణంలో ఎడమచెయ్యి చచ్చిపోయింది” అన్నారు. ఆయన అన్నది నిజమే. కానీ ఇన్నేళ్ళ తరవాత కూడా ఆ సాయంత్రం తలచుకుంటే నాకు నా ఎడమచెయ్యి తప్ప మరేదీ కనిపించదు. నీకు అలా కాకూడదనుకున్నాను. తరవాత మూడు వారాల్లో చెప్పకపోవడం మాత్రం నా తప్పే. పరీక్షలని నువ్వు రాలేదు, నేనూ పిలవలేదు.

ఇక విషయానికి వస్తాను. ఆ రోజు అన్నిటికన్నా ఎక్కువ చప్పట్లు తెచ్చిపెట్టిన చోటే నువ్వు తాళం తప్పావు.

తరంగంలో పళ్ళెం ఎక్కడానికి ముందు నేల మీద చేసే పెద్ద జతి గుర్తుందా? దాని ముక్తాయింపులో, అంటే ముగింపులో ‘తధిగిణతొం’ మూడుసార్లు వస్తుంది. మాత్ర అంటే తాళంలోని చిన్న కొలత. ఒక్కొక్కటి అయిదు మాత్రలు, మధ్యలో రెండు చోట్ల రెండేసి మాత్రల కార్వై. అంటే ఆగి ఉండాల్సిన ఖాళీ. ఎనిమిది అక్షరాల ఆది తాళంలో, అక్షరానికి నాలుగు మాత్రల లెక్కన నాలుగో అక్షరం సగంలో ఎత్తుకుంటే, మూడో ‘తొం’ సరిగ్గా తరవాతి ఆవర్తం సమం మీద, అంటే తాళం మళ్ళీ మొదలయ్యే దెబ్బ మీద పడుతుంది. క్లాసులో వందసార్లు పడింది. ఆ రోజు మొదటి ఖాళీలో ఒక మాత్ర తిన్నావు, రెండో ఖాళీలో ఇంకొకటి తిన్నావు. చివరి ‘తొం’ ఎనిమిదో అక్షరం సగంలోనే పడింది. మన లయలో అది అర సెకను ఉంటుందేమో. నేను నోటితో ఇంకా ‘గిణ’ దగ్గరే ఉన్నాను, నువ్వు అప్పటికే చేతులు చాచి భంగిమ పట్టి నిలబడ్డావు.

నీ కాలిని అందుకోవడానికి నేను జతి తొందరగా చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. తాళం నిన్ను వెతుక్కుంటూ రాకూడదు. కాపాడింది మృదంగం ఆయన. నువ్వు ముందే ఆగావని చూసి, మిగిలిన రెండు మాత్రలను బలమైన దెబ్బలతో నింపి సమం మీద దించారు. దాంతో నువ్వు కావాలనే ముందుగా నిలిచి, మృదంగం ముగింపు కోసం ఎదురుచూసినట్టు కనిపించింది. జనం దాన్ని చమత్కారం అనుకున్నారు. వాళ్ళను తప్పుపట్టలేను, బయటినుంచి చూస్తే నిజంగానే అందంగా ఉంది. నువ్వు ఆయనకు ఫోను చేసి కృతజ్ఞతలు చెప్పావో లేదో నాకు తెలియదు. చెప్పకపోతే ఈ రోజే చెప్పు.

సౌండ్ సరిగ్గా వినపడలేదని నీ మనసులో ఉండవచ్చు. మేమందరం ఆ వయసులో సౌండ్ మీదికే తోశాం. కానీ ఆలోచించు. హాల్లో మోగిన శబ్దం వెనక్కి తిరిగి నీ చెవికి ఆలస్యంగా చేరితే నువ్వు తాళానికి వెనకబడతావు. ముందుకు పరిగెత్తవు. ముందుకు పరిగెత్తించేది భయమే. గుండె జోరుగా కొట్టుకుంటుంటే రెండు మాత్రల ఖాళీ రెండు నిమిషాలంత అనిపిస్తుంది. ‘అందరూ చూస్తున్నారు, నేనేమీ చేయడం లేదు’ అని ఒళ్ళంతా కంగారు పుడుతుంది. ఆ ఖాళీని ఎలాగైనా దాటెయ్యాలని కాలు తనంతట తానే లేస్తుంది.

ఒంటరి ప్రదర్శనలో ఈ కంగారు రెట్టింపు కావడానికి ఒక కారణం ఉంది. కూచిపూడి పుట్టింది ఒక్కరు చేసే నాట్యంగా కాదు. ఊరి భాగవతులు మేళంగా కలిసి ఆడిన ఆట అది. భామాకలాపంలో సత్యభామ ఎంత గర్వంగా ప్రవేశించినా, పక్కన చెలికత్తె మాధవి ఉంటుంది. ఆమె ఒక మాట అడుగుతుంది, భామ జవాబిస్తుంది, ఆ సందులో ఊపిరి తీసుకుంటుంది. సభల్లో ఒక్కరే నిలిచి చేసే పద్ధతి బలపడింది పోయిన శతాబ్దంలో. 1963లో వెంపటి చినసత్యం గారు ఈ ఊళ్ళోనే కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. నువ్వు ఈ రోజు చేసే అంశాలు చాలావరకు అలాంటి సభావేదికల మీద తీర్చిదిద్దుకున్నవే. మేళం పోయింది, మాధవి పోయింది. ఊపిరి తీసుకోవడానికి నీకు మిగిలింది ఆ రెండు మాత్రల కార్వై ఒక్కటే. దాన్నే తినేశావు! జతి అయ్యాక నీ భుజాలు ఎగిరిపడటం నాకు పక్కనుంచి కనిపించింది.

ఇప్పుడు పళ్ళెం గురించి. ఇది చెప్పడానికి నాకు చాలా ఇష్టంగా ఉంది. అదే తరంగంలో, అదే మనిషివి, కాసేపటికే ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలబడ్డావు. ఒక్క మాత్ర కూడా జరగలేదు. ముందుకు వచ్చావు, పక్కకు తిరిగావు, వెనక్కి వెళ్ళావు, ప్రతి ఆవర్తానికీ సమం మీదే ఉన్నావు. నేను చెప్పడం మానేసి చూస్తూ కూర్చోవాలనిపించింది. మధ్యాహ్నం ఆ వేదిక మీద పరిచిన తివాచీ తీయించినప్పుడు ‘ఎందుకు టీచర్, మెత్తగా ఉంది కదా’ అన్నావు. తివాచీ అంచు పళ్ళేనికి అడ్డుపడితే మనిషి ముందుకు పడుతుంది. నున్నటి చెక్క మీద కనుకే అది నీ మాట విన్నది.

నేల మీద పరిగెత్తిన కాలు పళ్ళెం మీద ఎందుకు పరిగెత్తలేదు? ఇదే నువ్వు ఆలోచించాల్సిన ప్రశ్న. పళ్ళెం కాలితో జరగదు, బరువుతో జరుగుతుంది. మడమ మీదినుంచి వేళ్ళ మీదికి, వేళ్ళ మీదినుంచి మడమ మీదికి ఒంటి బరువు పూర్తిగా మారితే తప్ప అది కదలదు. బరువు మారడానికి పట్టే సమయం పడుతుంది, భయపడ్డా తగ్గదు. నేల అలా కాదు. బరువు సగమే వేసి కూడా తట్టవచ్చు, ఎవరూ అడగరు. ఆ జతిలో నువ్వు చేసింది అదే. కాలు పడింది, బరువు పడలేదు. అందుకే గజ్జెలు చిన్నగా, పలచగా మోగాయి. తేలికైన కాలు ముందుగా లేస్తుంది, ముందుగా లేచిన కాలు కార్వై తినేస్తుంది. కాబట్టి నీ లోపం లెక్కలో లేదు. లెక్క నీకు నిద్రలో కూడా వచ్చు. లోపం పాదంలో ఉంది.

ఇంకొకటి చెప్పి అభినయానికి వెళతాను. వేగం పెరిగే మూడో కాలం రాగానే, ఉత్సాహంలో, వంగి ఉండాల్సిన నీ మోకాళ్ళు తిన్నగా అయిపోతున్నాయి. ఇది కొత్త కాదు, నీకు 12 ఏళ్ళప్పటినుంచీ చెబుతున్నాను.

ఇక ‘ముద్దుగారే యశోద’. ముంగిట ముత్యం అన్న మాట దగ్గర, రెండోసారి పాడినప్పుడు, నువ్వు గడప దగ్గర ఆగి వంగి, కొంగుతో నేల తుడిచి, తరవాత పిల్లవాణ్ణి దించావు. అది నేను నేర్పింది కాదు. రిహార్సల్లో కూడా లేదు. వాకిలి దుమ్ముగా ఉంటే ముత్యాన్ని అక్కడ పెట్టదు కదా తల్లి! పాడే ఆమె నా వైపు చూశారు, ‘ఇది ఎప్పుడు పెట్టారు’ అన్నట్టు. నేను పెట్టలేదని చెప్పడానికి ఎంత గర్వంగా అనిపించిందో నీకు తెలియదు. 11 ఏళ్ళు నేర్పినది చేస్తే మంచి విద్యార్థివి అంటాను. నేర్పనిది, అదీ పాటలోని మాటలోంచే పుట్టినది చేస్తే ఏమనాలో ఇంకా ఆలోచిస్తున్నాను.

అందుకే తరవాత జరిగింది నాకు ఎక్కువ బాధ కలిగించింది. ఆ కీర్తనలో అన్నమయ్య కృష్ణుణ్ణి నవరత్నాలుగా చూపించాడని నీకు చెప్పాను. ఇంటి ముందు ముత్యం, గొల్లెతల అరచేతి మాణిక్యం, కంసుడి పాలిట వజ్రం, గోవర్ధనం దగ్గర గోమేధికం, కాళింగుడి పడగల మీద పుష్యరాగం, వేంకటాద్రి మీద ఇంద్రనీలం. రత్నాల జాబితా చదువుతున్నట్టు చేస్తే అది నగల దుకాణం అవుతుంది. ఒక్కో రత్నం ఒక్కొక్కరి కంటికి ఒక్కోలా కనిపించాలి. గొల్లెతలకు మాణిక్యం అరచేతిలో ఉంది. దాచుకునేది, ముద్దాడేది, పక్కింటి ఆమెకు చూపించి మళ్ళీ పిడికిలి మూసేది. అక్కడ నువ్వు చక్కగా చేశావు. వెంటనే కంసుడు. అతడికి కృష్ణుడు వజ్రం. వజ్రం అంటే మెరిసే రాయీ, ఇంద్రుడి ఆయుధమూ. పంతం పట్టిన కంసుడికి ఆ మెరుపే చావు. ఆ ఒక్క మాటలో ముఖం మారాలి, వెన్ను నిటారు కావాలి, చూపు గొల్లెతల ఎత్తునుంచి సింహాసనం ఎత్తుకు లేవాలి. నువ్వు అదే అరచేతిని, అదే వేళ్ళను, అదే నవ్వును తీసుకుపోయి కంసుడి ముందు పెట్టావు.

ఆ నవ్వు గొల్లెతలది కాదు, యశోదది అసలే కాదు. అది వేదిక నవ్వు. ప్రదర్శన మొదట్లో నమస్కారం చేసినప్పుడు ముఖానికి అతికించుకున్నావు, చివరిదాకా తీయలేదు. జతిలో కార్వై తినేసిన భయమే ఇక్కడ నవ్వు వేషం వేసింది. నవ్వు ఆపితే ముఖం ఖాళీగా కనిపిస్తుందేమోనని నీ అనుమానం. ఒక రత్నం నుంచి ఇంకో రత్నానికి వెళ్ళే మధ్యలో ముఖం ఒక్క క్షణం ఖాళీ కావాలి. ఖాళీ అయితేనే కంసుడు వచ్చి కూర్చుంటాడు.

నాకు నేనుగా ఎలా తెలుసుకోవాలని అడిగావు. మీ నాన్నగారు మొదటి వరుస నుంచి ఫోనులో తీసిన వీడియో ఉంది కదా. మొదటిసారి దాన్ని చూడకు, విను. కళ్ళు మూసుకుని, తొడ మీద చేత్తో ఆది తాళం వేస్తూ వినాలి. గజ్జెల మోతకూ నీ చేతి దెబ్బకూ మధ్య దూరం ఎక్కడ మొదలైందో చెవికి వెంటనే తెలుస్తుంది. కంటితో చూస్తే తెలియదు. కన్ను చీరనూ నగలనూ మీ అమ్మ కట్టిన పూలనూ చూస్తుంది. జతి మొదటినుంచి కాదు, ముక్తాయింపు ఎత్తుకున్న దగ్గరినుంచే తేడా మొదలైందని నా అంచనా. నువ్వు ఇంకా ముందే పట్టుకుంటే నాకు చెప్పు, నా చెవిని నేను దిద్దుకుంటాను.

రెండోసారి శబ్దం పూర్తిగా తీసేసి చూడు. ఫోను తెర మీద నీ తల ఎత్తున ఒక దారప్పోగు అడ్డంగా అంటించు. మన నాట్యంలో సహజంగా ఉండే ఊపు వేరు, అది మళ్ళీ దారం దగ్గరికి దిగి వస్తుంది. మూడో కాలంలో తల దారం పైకి వెళ్ళి అక్కడే ఉండిపోతే మోకాళ్ళు లేచిపోయాయన్నమాట. మూడోసారి కీర్తన పల్లవి, చరణాలు మాత్రమే పెట్టి, నోటికి అడ్డంగా కాగితం ముక్క పెట్టి కళ్ళు మాత్రమే చూడు. మాణిక్యం దగ్గరా వజ్రం దగ్గరా కళ్ళు ఒకేలా ఉన్నాయంటే, నవ్వు కాదు, లోపల ఏమీ మారలేదన్నమాట. అలాగే ఉంటాయని నేననుకోవడం లేదు. నీ కళ్ళు మారాయి, నోరే మారలేదు. ఇది చిన్న తేడా కాదు.

సాధన గురించి కూడా రాస్తాను, ఎందుకంటే క్లాసులో చెబితే నువ్వు తల ఊపేసి మూడో కాలం మొదలుపెడతావు. పదిరోజులు ఆ ముక్తాయింపుకు కాలు వేయవద్దు. కూర్చుని, చేత్తో తాళం వేస్తూ, మొదటి కాలంలో నోటితో చెప్పు. ఖాళీ మాత్రలను మొదట మూడు రోజులు ‘మ్ మ్’ అని పైకి అను. తరవాత అనకుండా, అక్కడ ఊపిరి వదులు. తీసుకోవడం కాదు, వదలడం. వదిలితే భుజాలు కిందికి దిగుతాయి, దిగితే బరువు పాదంలోకి వెళుతుంది. పదిరోజుల తరవాత కాలు కలుపు, గజ్జెలు లేకుండా. గజ్జెల సందడి లేకపోతే పాదం నేలను తాకిన చప్పుడు ఒక్కటే వినిపిస్తుంది. అది పలచగా ఉంటే మళ్ళీ మొదటి కాలానికి పో.

ఇదంతా ప్రశాంతంగా ఉన్నప్పుడు వచ్చేస్తుంది. నీకు అలా ఎప్పుడూ వచ్చింది. కష్టం గుండె కొట్టుకుంటున్నప్పుడే కదా. అందుకని మీ అపార్ట్‌మెంట్ మెట్లు మూడు అంతస్తులు గబగబా ఎక్కి, దిగి, నీళ్ళు తాగకుండా వెంటనే ఆ ముక్తాయింపు ఒక్కసారే చెయ్యి. ఒక్కసారే. రెండోసారికి గుండె కుదుటపడుతుంది, అప్పుడు సరిగ్గా వచ్చినా లెక్కలోకి రాదు. వారానికి మూడు రోజులు చాలు. మొదట్లో తప్పకుండా తప్పుతావు. తప్పినప్పుడు కార్వై ఎంత తిన్నావో చెప్పగలిగితే, అప్పటికి సగం దారిలో ఉన్నట్టే. మోకాళ్ళు నొప్పిగా ఉంటే మాత్రం మెట్లు మానేసి నిలబడ్డ చోటే గెంతు.

నన్ను అడగవచ్చా అన్నావు. తప్పకుండా అడగాలి. కానీ ‘ఎలా చేశాను’ అని అడగవద్దు. ఆ ప్రశ్నకు ఏ గురువైనా ‘బాగా చేశావు, వెళ్ళి తిను’ అనే అంటారు. ‘మూడో తధిగిణతొం సమానికి పడిందా’ అని అడుగు. అప్పుడు నేను తప్పించుకోలేను.

పాడిన ఆమె నిన్న ఫోను చేసి, గడప తుడిచిన చోట ఆ మాటను ఇంకొకసారి తిప్పి పాడవచ్చా అని అడిగారు. నువ్వు వచ్చాక నిర్ణయిద్దామన్నాను. గురువారం అయిదున్నరకు రా. గజ్జెలు తేవద్దు. నీ పళ్ళెం ఆ రోజు సామాన్లలో కలిసి మా ఇంటికి వచ్చేసింది. మేకప్ మరకలు పడి నల్లబడితే చింతపండు పెట్టి తోమి, వంటింటి అలమరలో ఉంచాను.